టైలు మీద సూది బెజ్జం

స్టీలు సామాన్ల కొట్లో కంచం కొనేటప్పుడు మా అమ్మ దాన్ని నేరుగా చూడదు. ట్యూబ్‌లైటు కిందికి పట్టుకెళ్లి, ఆ లైటు కంచంలో కనబడేలా వంచి, మెల్లగా తిప్పుతుంది. లైటు గీత సాఫీగా జారితే కంచం మంచిదే. ఎక్కడైనా వంకర పోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్టుల మీద కెమెరాలు బిగించే పనిలోకి వచ్చాక నాకు తెలిసిందేమిటంటే, మేం చేసేది కూడా ఇంతే. కాకపోతే మాకు తిప్పి చూసే వీలుండదు. వస్తువు ఆగదు, కెమెరా కదలదు. వంపంతా లైటులోనే ఉండాలి.

నిగనిగలాడే ఫ్లోర్ టైలునే తీసుకుందాం. రెండడుగుల టైలు, అంటే 600 మిల్లీమీటర్లు. బట్టీలో కాలేటప్పుడు మట్టిలోంచి గాలి బుడగ పైకి తన్నుకొస్తే, పైనున్న గ్లేజు పూతలో చిన్న బెజ్జం మిగులుతుంది. పిన్‌హోల్ అంటారు. అర మిల్లీమీటరు ఉంటుంది. ఇల్లు కట్టాక అందులో మురికి చేరి నల్ల చుక్కగా తేలుతుంది, అప్పుడు కొన్నవాడు తిడతాడు. దాన్ని బెల్టు మీదే పట్టుకోవాలి.

బెల్టు నిమిషానికి 30 మీటర్లు పోతోందనుకోండి. సెకనుకు అర మీటరు. సెల్‌ఫోనుతో వీడియో తీస్తే ఏమవుతుంది? మామూలు వెలుతురులో ఫోను ఒక్కో ఫ్రేముకు సెకనులో వందో వంతు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆలోపే టైలు 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అర మిల్లీమీటరు బెజ్జం దానికి పదింతల పొడవున అలుక్కుపోతుంది, ఇక కనబడదు. అందుకని ఇక్కడ వాడేది లైన్‌స్కాన్ కెమెరా. ఇది బొమ్మంతా ఒక్కసారి తీయదు. టైలుకు అడ్డంగా ఒక సన్నని గీతను మాత్రమే చూస్తుంది. బెల్టు కదిలేకొద్దీ ఆ గీతలను మగ్గం మీద నేతలా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటే టైలు బొమ్మ తయారవుతుంది. గీత మందం 0.15 మిల్లీమీటరు పెట్టుకుంటే బెజ్జం మూడు గీతల్లో పడుతుంది, పట్టుకోవడానికి అది చాలు. అయితే సెకనుకు 3,300 పైగా గీతలు తీయాలి. ఒక్కో గీతకు దొరికే సమయం సెకనులో మూడు వేలో వంతు కూడా ఉండదు. అంత తక్కువ సమయంలో కెమెరాకు కనబడాలంటే టైలు మీద వెలుగు కళ్లు చెదిరేలా కుమ్మరించాలి. పొడుగాటి ఎల్‌ఈడీ పట్టీలు పెట్టేది అందుకే.

వాటిని ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. టైలు మీద రాతి చారల డిజైన్ ప్రింటయి ఉంటుంది. అందులో నల్ల చుక్కలూ ఉంటాయి. పైనుంచి మామూలుగా వెలుగు వేస్తే డిజైన్ చుక్కా, పిన్‌హోలూ కవల పిల్లల్లా కనబడతాయి. సాఫ్ట్‌వేరుకు ఎన్ని వేల బొమ్మలు చూపించి నేర్పినా, బొమ్మలో లేని తేడాను అది ఎక్కణ్నుంచి తెస్తుంది?

అప్పుడు చేసేది అమ్మ చేసే పనే. క్యారమ్ కాయిన్ అంచుకు తగిలి ఏ కోణంలో వెళ్లిందో అదే కోణంలో తిరిగొస్తుంది కదా, అలా లైటు వెలుగు గ్లేజు మీద పడి సూటిగా కెమెరా కంట్లోకి కొట్టేలా రెంటినీ చెరోవైపు ఒకే వాలులో బిగిస్తాం. గ్లేజు అద్దంలా మెరిసి బొమ్మంతా తెల్లగా వస్తుంది. ఆ మెరుపులో అడుగునున్న డిజైన్ దాదాపు వెలిసిపోతుంది. బెజ్జం దగ్గర మాత్రం గ్లేజు నునుపు చెడింది కాబట్టి వెలుగు పక్కకు చెదిరి, నల్ల చుక్క పడుతుంది. రెండో లైటును బాగా కిందికి, టైలును రాసుకుపోయేంత ఏటవాలుగా పెడతాం. ఈ లైటు మెరుపు కెమెరాలోకి రాదు. డిజైన్ స్పష్టంగా కనబడుతుంది, గీతలూ పగిలిన అంచులూ తెల్లగా లేస్తాయి. రెండు లైట్లనూ ఒక గీతకు ఒకటి చొప్పున మార్చి మార్చి వెలిగిస్తే ఒకే టైలుకు రెండు బొమ్మలు వస్తాయి. రెండో దాంట్లోనే కనబడే చుక్క ప్రింటు. మెరుపు బొమ్మలోనూ నల్లగా ఉంటే బెజ్జం. ఇందుకు సెకనుకు తీసే గీతలు రెట్టింపవుతాయి, వెలుగూ రెట్టింపు కావాలి.

మెరుపు పద్ధతికి ఓ బలహీనత ఉంది. కాలిన టైలు బల్లపరుపుగా ఉండదు, నడుమ కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు దగ్గర వెలుగు దారి మళ్లి కెమెరాను తప్పిపోతుంది, అంతమేర బొమ్మ చీకటైపోతుంది. లైటు వెడల్పు పెంచితే ఆ చీకటి పోతుంది గానీ, చిన్న సొట్టల నీడలు కూడా పలచబడతాయి. ఎంత వెడల్పన్నది ఆ ఫ్యాక్టరీ టైళ్లు ఎంత వంగుతాయో కొలిచి తేల్చుకోవాల్సిందే. ఇక మ్యాట్ టైళ్లకు మెరుపే ఉండదు కాబట్టి ఈ కిటుకు పారదు.

ఒక ఫ్యాక్టరీలో ఇదంతా బిగించి, నాలుగు రోజులు బాగా నడిచాక, సాయంత్రం నాలుగు దాటితే మంచి టైళ్లను కూడా మెషీను నెట్టేయడం మొదలుపెట్టింది. ఆ బెల్టు మీద గంటకు 2,400 టైళ్లు పోతాయి. నూటికి ఒక్కటి తప్పుగా నెట్టినా ఎనిమిది గంటల షిఫ్టుకు 190 పైచిలుకు మంచి టైళ్లు సెకండ్స్ ధరకు పోయినట్టే. నేను రెండు రోజులు సాఫ్ట్‌వేరులో అంకెలు అటూ ఇటూ మార్చాను. ఏ సెట్టింగూ నిలవలేదు.

మూడో రోజు ఆపరేటర్ అన్నాడు: "సార్, నిన్న మబ్బేసింది కదా. నిన్న ఒక్కటి కూడా తప్పు పట్టలేదు చూడండి."

తలెత్తి చూస్తే పైకప్పు రేకుల మధ్య వెలుతురు కోసం వేసిన ఫైబర్ షీటు. పొద్దు వాలే వేళకు అందులోంచి ఎండ సరిగ్గా కెమెరా కిందకి దిగుతోంది. నల్ల రేకుతో కెమెరాకూ లైట్లకూ కలిపి డబ్బా కట్టించాం. పిన్‌హోల్ చూసే లైట్లు ఎర్రవి పెట్టి, కెమెరాకు ఆ ఎరుపును మాత్రమే పంపే ఫిల్టరు తగిలించాం. ఎండలోనూ ఎరుపు ఉంటుంది కనుక ఫిల్టరు ఒక్కటే సరిపోదు, డబ్బా ఉండి తీరాలి. రంగు తేడా చూడాలంటే మాత్రం తెల్ల లైటుతో వేరే కెమెరా తప్పదు.

ఇంకో షెడ్డులో బొమ్మ నిండా సన్నని అడ్డ చారలు, సరిగ్గా 5 మిల్లీమీటర్లకొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైటు సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, ఈ కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 500 మిల్లీమీటర్లు కదిలే టైలు మీద నూరు మిణుకులంటే 5 మిల్లీమీటర్లకొకటి. అనుమానం తీరాలంటే బెల్టు వేగం సగానికి తగ్గించాలి. చారల దూరం రెండున్నరకు తగ్గితే దోషం షెడ్డు లైట్లది. తగ్గకపోతే చారలు టైలు మీదే ఉన్నాయి.

దుమ్ము సంగతి ఇంకా విసుగు. ఏటవాలు లైటులో దుమ్ము రేణువు కూడా గీతలాగే మెరుస్తుంది. అదే టైలును తుడిచి మళ్లీ పంపితే మచ్చ మాయమైందా, అది దుమ్ము. ప్రతి టైలులోనూ ఒకే చోట నిలువు గీత వస్తే టైళ్లను వదిలేసి కెమెరా అద్దం తుడవాలి. కెమెరా ముందు గాలి ఊదే గొట్టం పెడితే దుమ్ము, నీటి చుక్కలు చాలావరకు పోతాయి. ఎల్‌ఈడీలు వేడెక్కేకొద్దీ మసకబారతాయి కనుక, వాటిని ముందుగా వెలిగించి ఓ అరగంట ఆగాకే కొలతలు సరిచూస్తాం. టైలు పక్కనే, కెమెరాకు ఎప్పుడూ కనబడే చోట ఒక తెల్లటి పింగాణీ ముక్క అంటిస్తాం. దాని వెలుగు మొదటి రోజు కన్నా పదో వంతు తగ్గితే మెషీను గంట కొడుతుంది.

షిఫ్టు మొదట్లో పంపడానికి తెలిసిన లోపాలున్న టైళ్లు కొన్ని విడిగా దాచి ఉంచుతారు. ఒక దాంట్లో మూడు పిన్‌హోళ్లు, ఒక దాంట్లో వెంట్రుకంత పగులు. మెషీను అన్నిటినీ నెట్టేస్తేనే పని మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు వాటి వెనక ఎర్ర పెయింటుతో 'అమ్మకానికి కాదు' అని రాసి ఉంటుంది. ఓసారి మెషీను వాటిని సరిగ్గానే నెట్టేసింది గానీ, అవి సెకండ్స్ గుట్టలో కలిసిపోయి లారీ ఎక్కేశాయి.