ఓపెన్ ఫైలు ఉందా అండీ?

మిఠాయి కొట్టు ప్రారంభానికి ఇంకా పది రోజులే ఉంది. డిజైనర్ ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన లోగోను యజమాని బోర్డులు చేసే ఆయనకు ఫార్వర్డ్ చేశారు. నిమిషం తిరక్కుండానే ఫోనొచ్చింది.

"ఇది జేపీజీ అండీ. ఓపెన్ ఫైలు ఉందా?"

"లోగో అదేనండీ. శుభ్రంగానే కనిపిస్తోంది కదా?"

"ఫోన్లో బాగానే ఉంటుందండీ. పన్నెండడుగుల బోర్డు మీదికి రాదు."

ఈ కొట్టు ఊహించి చెప్పినదే గానీ, ఇలాంటి మాటలు మాత్రం బోర్డులు చేసే దుకాణాల్లో రోజూ వినపడేవే. యజమాని చేతిలో ఉన్నది లోగో తాలూకు ఫొటో. బోర్డు చేసేవారు అడుగుతున్నది లోగో గీత. మొదటిదాన్ని రాస్టర్ అంటారు, రెండోదాన్ని వెక్టర్ అంటారు.

రాస్టర్ ఫైలు అంటే చీర అంచు డిజైన్ గీసుకునే గళ్ల కాగితం లాంటిది. ఏ గడిలో ఏ రంగో రాసి ఉంటుంది, అంతే. ఆ గడినే పిక్సెల్ అంటారు. జేపీజీ, పీఎన్‌జీ ఈ కోవలోవే. కాగితాన్ని ఎంత సాగదీసినా గళ్లు పెద్దవవుతాయే తప్ప కొత్త గళ్లు పుట్టవు.

వాట్సాప్‌లో వచ్చిన మన లోగో 600 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. విజిటింగ్ కార్డు మీద ఒక అంగుళం వెడల్పున వేస్తే అంగుళానికి 600 పిక్సెళ్లు పడతాయి. చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు 300 చాలు కాబట్టి కార్డు చక్కగా వస్తుంది. అదే లోగోను స్వీటు బాక్సు మూత మీద ఆరంగుళాలు చేస్తే అంగుళానికి 100 మాత్రమే మిగులుతాయి. అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పన్నెండడుగులంటే 144 అంగుళాలు. అంగుళానికి నాలుగు పిక్సెళ్లే దక్కుతాయి. ఒక్కో పిక్సెల్ ఆరు మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు కందిగింజంత అవుతుంది.

వెక్టర్ దారి వేరు. మేస్త్రీ బావికి గుండ్రం గీయాలంటే మేకు పాతి, తాడు కట్టి తిప్పుతాడు. తాడు పొడుగు పెంచితే గుండ్రం పెద్దదవుతుంది, నునుపు తగ్గదు. వెక్టర్ ఫైల్లో ఉండేదీ అలాంటి ఆదేశమే. ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైల్లో ఒక ఎర్రటి గుండ్రం ఇలా రాసి ఉంటుంది:

```
<circle cx="50" cy="50" r="40" fill="#C8102E"/>
```

మేకు ఎక్కడ పాతాలో, తాడు ఎంత పొడుగో, రంగేదో ఇందులో ఉంది. గుండీ మీదైనా గోడ మీదైనా ఈ లెక్కతోనే మళ్లీ కొత్తగా గీస్తారు. అక్షరాల వంపులకూ ఇలాంటి లెక్కే ఉంది. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియెర్ బెజియే కారు పైభాగం వంపులు గీయడానికి వాడి ప్రచారంలోకి తెచ్చిన గీతల పద్ధతే, ఇవాళ లోగోలో 'ల' అక్షరం వంపును మోస్తోంది.

వెబ్‌సైటుకు ఎస్‌వీజీ ఇస్తే చిన్న ఫోన్లోనూ పెద్ద మానిటర్లోనూ అంచు తేటగా ఉంటుంది. అయితే జీమెయిల్ లాంటి చోట్ల ఎస్‌వీజీ కనిపించదు, ప్రొఫైల్ బొమ్మగానూ చాలా చోట్ల తీసుకోరు. అక్కడికి పీఎన్‌జీ కావాలి. జేపీజీలో వెనక భాగం పారదర్శకంగా ఉండదు కాబట్టి, రంగు పట్టీ మీద లోగో చుట్టూ తెల్లటి డబ్బా తేలుతుంది.

అచ్చు వేసేవారికి వెక్టర్ పీడీఎఫ్ ఇవ్వాలి, రంగులు తెరకు కాక సిరాకు తగ్గట్టు సీఎంవైకే పద్ధతిలో ఉండాలి. ఫ్లెక్సు మీద లడ్డూల ఫొటో మాత్రం రాస్టరే. ఫొటోకు వేరే దారి లేదు. దూరం నుంచి చూసేది కాబట్టి అంగుళానికి 72 నుంచి 100 పిక్సెళ్లున్నా సరిపోతుంది.

చిక్కంతా కట్ చేసే బోర్డుల దగ్గర వస్తుంది. స్టిక్కర్ కోసే ప్లాటర్‌లో చిన్న కత్తి ఉంటుంది. అక్రిలిక్ అక్షరాలకైతే లేజరో, సీఎన్‌సీ రౌటరో వాడతారు. వీటికి రంగుతో పని లేదు, నడవడానికి గీత కావాలి. జేపీజీలో గీతే లేదు కనక కత్తికి ఎటు వెళ్లాలో తెలియదు.

తెలుగు అక్షరాలకు ఇంకో రెండు మెట్లున్నాయి. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పేరు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజిగా మారిపోతుంది. అందుకే ఫైలు పంపేముందు అక్షరాలను 'కర్వ్స్' చేయాలి. కోరల్‌డ్రాలో అందుకు Ctrl+Q నొక్కుతారు. అప్పుడది టైపు చేసిన మాట కాదు, ఆకారం. ఏ కంప్యూటర్లో తెరిచినా మారదు.

రెండోది అంతకన్నా సూక్ష్మం. ఈ ఫాంట్లలో అక్షరం ఒకే ముక్కగా ఉండదు. ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి, ఒత్తు ఇంకొకటి. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అన్నీ ఒకే రంగు కాబట్టి తెర మీద కంటికి ఆనదు. View మెనూలో Wireframe పెట్టి చూస్తే, తలకట్టు కాలు అక్షరంలోకి దిగిన చోట అడ్డంగా గీతలు బయటపడతాయి. ప్లాటర్ కత్తి ఆ గీతల మీదా నడుస్తుంది. స్టిక్కర్ ఒలిచేసరికి తలకట్టు తెగి చేతికొస్తుంది. ముక్కలన్నీ ఎంచుకుని Weld నొక్కితే అవి కలిసిపోయి చుట్టూ ఒకే గీత మిగులుతుంది.

జేపీజీని తీసుకెళ్లి కోరల్‌డ్రాలో అతికించి సీడీఆర్‌గానో పీడీఎఫ్‌గానో సేవ్ చేసి ఇచ్చేవారూ ఉన్నారు. పేరు మారినా లోపలున్నది పాత గళ్ల కాగితమే. కనిపెట్టడం కష్టం కాదు. పీడీఎఫ్‌ను తెర మీద బాగా పెంచి, అక్షరం అంచు చూడాలి. మెట్లు మెట్లుగానో మసకగానో ఉంటే అది రాస్టర్. ఎస్‌వీజీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే `<path` అనే మాటలు కనిపించాలి. వాటికి బదులు ఒక్క `<image` మాటా, దాని వెనక అర్థంకాని అక్షరాల బారూ ఉంటే లోపల ఫొటో దాచినట్టే.

ఫొటో నుంచి గీతలు లాగే ట్రేస్ పద్ధతి లేకపోలేదు. పెద్దదిగా, తేటగా ఉన్న బొమ్మకు అది పనికొస్తుంది. 600 పిక్సెళ్ల జేపీజీని ట్రేస్ చేస్తే మాత్రం మసక అంచునే గీత అనుకుని వంకర్లు తిప్పుతుంది. నునుపైన వంపు మీద వందల కొద్దీ బిందువులు పడి, కోసిన అక్రిలిక్ అంచు రంపపు పళ్లలా వస్తుంది. అలాంటప్పుడు పాత బొమ్మను కింద పెట్టుకుని చేత్తో మళ్లీ గీయడమే మేలు.

మన మిఠాయి కొట్టు యజమాని డిజైనర్‌కు ఫోన్ చేసి, అసలు ఫైలు అడిగారు. సీడీఆర్‌తో పాటు కర్వ్స్ చేసిన పీడీఎఫ్ కూడా వచ్చింది. కొత్త కోరల్‌డ్రాలో చేసిన సీడీఆర్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి పీడీఎఫ్ తోడుండటం అవసరం. వెబ్‌సైటుకు ఎస్‌వీజీ, వాట్సాప్ డీపీకి పీఎన్‌జీ అదే ఫైల్లోంచి తీయించుకున్నారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు కుదించుకుపోతుందని ఈసారి పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపారు. బోర్డు చేసే ఆయన Wireframe పెట్టి చూసి, రెండు ఒత్తుల దగ్గర Weld చేసి, అక్రిలిక్ షీటును లేజర్ కింద పరిచారు.