మనిషి రాసిందే ‘ఏఐ రాసింది’ అని ఎందుకు తేలుతోంది?

టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 ఆంగ్ల వ్యాసాలు. చైనాలోని ఒక విద్యా వెబ్‌సైట్ నుంచి సేకరించిన ఈ వ్యాసాలన్నీ మనుషులు రాసినవే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ జౌ బృందం వాటిని ఏడు ఏఐ డిటెక్టర్లకు ఇచ్చి చూసింది. ఒక రచన మనిషిదా, చాట్‌జీపీటీ లాంటి యంత్రానిదా అని చెప్పే సాఫ్ట్‌వేర్లివి. సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రం రాసినవిగా లెక్కగట్టాయి. 91లో 89 వ్యాసాలు కనీసం ఒక డిటెక్టర్‌కైనా అనుమానాస్పదంగా తోచాయి. 18 వ్యాసాల విషయంలో ఏడు డిటెక్టర్లూ ఒకే తప్పు తీర్పు ఇచ్చాయి.

పోలిక కోసం ఆ బృందం అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన 88 వ్యాసాలను కూడా అవే డిటెక్టర్లకు ఇచ్చింది. వాటిని దాదాపు అన్నింటినీ డిటెక్టర్లు మనుషుల రాతగానే గుర్తించాయి. 2023లో ‘ప్యాటర్న్స్’ పత్రికలో వెలువడిన ఈ అధ్యయనం చూశాక వచ్చే ప్రశ్న ఒకటే. ఇంగ్లీషు మాతృభాష కాని వారి దగ్గరే డిటెక్టర్ ఎందుకు ఇంతగా పొరబడింది? విదేశీ విశ్వవిద్యాలయాల్లో అసైన్‌మెంట్లు రాస్తున్న తెలుగు విద్యార్థులకూ, ఇక్కడే ఇంగ్లీషులో థీసిస్ రాస్తున్న వారికీ ఇది నేరుగా సంబంధించిన విషయం.

డిటెక్టర్ కొలిచేది ఏమిటి?

రాసింది ఎవరో డిటెక్టర్‌కు తెలిసే మార్గం లేదు. దాని ముందు ఉన్నవి పదాలు మాత్రమే. ఆ పదాల వరుస ఎంత ఊహించదగినదో అది చూస్తుంది.

‘నల్లటి మబ్బులు కమ్ముకున్నాయి, కాసేపట్లో...’ అని ఆపితే, తర్వాతి మాట ‘వర్షం’ అని ఎవరైనా చెప్పేస్తారు. చాట్‌జీపీటీ లాంటి భాషా నమూనాలు పనిచేసేది కూడా ఇలాగే. అప్పటివరకు ఉన్న మాటలను బట్టి తర్వాత రాగల ప్రతి పదానికీ ఒక సంభావ్యతను లెక్కిస్తాయి. ఎక్కువసార్లు సంభావ్యత ఎక్కువున్న పదాన్నే ఎంచుకుంటాయి. అందువల్ల యంత్రం రాసిన వాక్యాల్లో ఆశ్చర్యపరిచే పదాలు తక్కువగా ఉంటాయి. డిటెక్టర్లు ఈ లక్షణాన్నే పట్టుకోవాలని చూస్తాయి. ఇందుకు వాడే కొలతను పర్‌ప్లెక్సిటీ అంటారు. వాక్యం చదువుతుంటే యంత్రానికి ప్రతి పదం దగ్గర సగటున ఎంత తికమక కలిగిందో చెప్పే అంకె అది.

చిన్న లెక్కతో చూద్దాం. కింది సంభావ్యతలు లెక్క అర్థం కావడానికి మనం అనుకున్నవే. ‘చదువు మన జీవితంలో ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది’ అనే వాక్యంలో చివరి నాలుగు పదాలకు యంత్రం వరుసగా 1/8, 1/4, 1/4, 1/2 సంభావ్యత ఇచ్చిందనుకోండి. వీటిని గుణిస్తే 1/256. నాలుగు పదాలు కాబట్టి 256కు నాలుగో మూలం తీయాలి. జవాబు 4. అంటే ప్రతి పదం దగ్గరా యంత్రం నాలుగు సమాన అవకాశాల మధ్య తేల్చుకుంటున్నంత తికమక పడిందన్నమాట. ఇప్పుడు ‘చదువు మా అమ్మ వేలిముద్రను సంతకంగా మార్చింది’ అనే వాక్యం చూడండి. ఇందులో చివరి నాలుగు పదాల సంభావ్యతలు 1/16, 1/64, 1/16, 1/4 అనుకుంటే లబ్ధం 1/65536. దాని మూలం 16. మొదటి వాక్యానికి అంకె తక్కువ కాబట్టి డిటెక్టర్ దాన్ని అనుమానిస్తుంది. రెండో వాక్యాన్ని వదిలేస్తుంది. రెండింటినీ రాసింది మనుషులే కావచ్చు.

అన్ని డిటెక్టర్లూ నేరుగా ఇదే సూత్రం వాడవు. కొన్ని మనిషి రాసిన, యంత్రం రాసిన వేలాది నమూనాలతో శిక్షణ పొందుతాయి. అయినా అవి నేర్చుకునేది కూడా పదాల అల్లికలోని ఇలాంటి గణాంక లక్షణాలనే.

రెండో భాషలో రాసేవారి ఇబ్బంది

ఇంగ్లీషును బడిలో నేర్చుకున్న విద్యార్థి ఎలా రాస్తాడు? తప్పు పోకూడదని తనకు గట్టిగా తెలిసిన పదాలనే వాడతాడు. ‘ప్లేస్ ఎ వైటల్ రోల్’, ‘ఆన్ ది అదర్ హ్యాండ్’, ‘ఇన్ కన్‌క్లూజన్’ లాంటి పదబంధాలు గైడ్ల నుంచి, మోడల్ వ్యాసాల నుంచి వచ్చి నాలుక మీద సిద్ధంగా ఉంటాయి. వాక్యాలు కూడా దాదాపు ఒకే కొలతలో, ఒకే కట్టుబాటుతో సాగుతాయి. ఇలా రాయమనే మనకు నేర్పారు. మార్కులూ ఇలా రాస్తేనే వచ్చాయి. అయితే ఇలాంటి రాతలో పర్‌ప్లెక్సిటీ తక్కువగా ఉంటుంది. జాగ్రత్తగా రాసిన విద్యార్థి, యంత్రం ఇద్దరూ డిటెక్టర్‌కు ఒకేలా కనిపించేది ఇందువల్లే.

కారణం ఇదేనా అని స్టాన్‌ఫర్డ్ బృందం మరో ప్రయోగంతో తేల్చుకుంది. అవే టోఫెల్ వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి తరహాలో పదజాలాన్ని మెరుగుపరచమంది. తప్పుడు ఆరోపణలు 61 శాతం నుంచి సుమారు 12 శాతానికి పడిపోయాయి. అమెరికా పిల్లల వ్యాసాల్లోని పదాలను సరళం చేయిస్తే, అంతవరకు నిర్దోషులుగా తేలిన ఆ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవిగా మారిపోయాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది. మనిషి సొంతంగా రాసినప్పుడు డిటెక్టర్ పట్టుకుంది. యంత్రం చేయి చేసుకున్నాక వదిలేసింది.

ఈ అధ్యయనానికీ హద్దులున్నాయి. వ్యాసాల సంఖ్య తక్కువ, వాటి నిడివి కూడా తక్కువ. పరీక్షించినవి 2023 నాటి డిటెక్టర్లు. ఆ తర్వాత జీఆర్ఈ పరీక్ష వ్యాసాలపై ఈటీఎస్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, అదే తరహా వ్యాసాలతో ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన డిటెక్టర్లలో ఇలాంటి పక్షపాతం కనిపించలేదు. కాబట్టి ప్రతి డిటెక్టరూ ఇంతే పొరబడుతుందని చెప్పలేం. కానీ మీ వ్యాసాన్ని పరీక్షించిన డిటెక్టర్ ఏ రాతలతో శిక్షణ పొందిందో మీకూ, మీ అధ్యాపకుడికీ సాధారణంగా తెలియదు.

స్కోరు సాక్ష్యం కాదు

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్‌ను విడుదల చేసింది. సంస్థ ప్రకటించిన అంకెల ప్రకారం, అది ఏఐ రాసిన వాటిలో 26 శాతాన్ని పట్టుకునేది. మనిషి రాసిన వాటిలో 9 శాతాన్ని ఏఐవిగా పొరబడేది. 100 మంది ఉన్న తరగతిలో 20 మంది ఏఐతో రాయించుకున్నారని అనుకుందాం. ఆ 20 మందిలో దొరికేది 5 మంది. నిజాయితీగా రాసిన 80 మందిలో ఇరుక్కునేది 7 మంది. అంటే పిలిచి నిలదీసిన 12 మందిలో ఎక్కువమంది ఏ తప్పూ చేయనివారే. కచ్చితత్వం చాలడం లేదంటూ ఆ సంస్థ అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించుకుంది.

ఒక శాతం పొరపాటు కూడా చిన్నది కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2022లో టర్నిటిన్ ద్వారా 75,000 పత్రాలు పరిశీలించింది. అప్పటికే ఏఐ డిటెక్టర్ ఉండి, ఒక శాతం పొరబడి ఉంటే, సుమారు 750 పత్రాలపై తప్పుడు నింద పడేదని లెక్కవేసి, 2023 ఆగస్టులో ఆ సదుపాయాన్ని నిలిపివేసింది.

ఇక్కడ మన విద్యార్థులు ఒక తేడా గమనించాలి. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్న 10 శాతం లాంటి పరిమితులు సారూప్యతకు సంబంధించినవి. సారూప్యత నివేదికలో మీ వాక్యం ఏ మూలంతో సరిపోలిందో కనిపిస్తుంది. దాన్ని తెరిచి చూసి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఏఐ స్కోరు వెనక అలాంటి మూలం ఏదీ ఉండదు. ఉండేది ఒక అంచనా మాత్రమే.

విద్యార్థులు ఏం చేయాలి?

రాసిన ఫలితం మీద అనుమానం వస్తే, రాసిన తీరు చూపించడమే సరైన జవాబు. అందుకు ముందునుంచే ఆనవాళ్లు నిలుపుకోవాలి. వ్యాసాన్ని ఎక్కడో రాసి చివర్లో ఒక్కసారిగా అతికించకుండా, మొదటి నుంచి గూగుల్ డాక్స్‌లోనే రాయండి. అందులో `File > Version history > See version history` తెరిస్తే ఏ రోజు ఏ వాక్యం చేర్చారో, ఏది కొట్టేశారో కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవారు ఫైలును వన్‌డ్రైవ్‌లో పెట్టి `AutoSave` ఆన్‌లో ఉంచితే పాత ప్రతులు నిలిచి ఉంటాయి. కాగితం మీద రాసుకున్న నోట్సు, చిత్తుప్రతి ఉంటే పారేయకుండా ఫొటో తీసి ఉంచుకోండి.

వ్యాకరణం సరిదిద్దే సాధనాలు వాడవచ్చా అని అధ్యాపకుడిని ముందే ఈమెయిల్‌లో అడగండి. వాటిలో కొన్ని అక్షరదోషాలు దిద్దడంతో ఆగవు, వాక్యాన్నే తిరగరాస్తాయి. తెలుగులో రాసుకుని యంత్ర అనువాదంతో ఇంగ్లీషులోకి మార్చినా అంతే, చివరికి మిగిలేవి యంత్రం కూర్చిన వాక్యాలు. ఇలాంటి సాయం తీసుకుని ఉంటే ఆ మాట వ్యాసంలోనే చెప్పడం మేలు.

డిటెక్టర్‌కు దొరక్కుండా రాతను ‘మనిషి రాతలా’ మారుస్తామనే సైట్ల జోలికి వెళ్లకండి. అక్కడ మీ సొంత రాత నిజంగానే యంత్రం రాతగా మారిపోతుంది. అప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

నింద పడితే కంగారుపడి ఒప్పుకోవద్దు, కోపంతో జవాబూ రాయవద్దు. ముందు నాలుగు వివరాలు అడగండి. ఏ డిటెక్టర్ వాడారు? ఏ వాక్యాలను గుర్తించింది? పరీక్షించిన భాగంలో ఎన్ని పదాలున్నాయి? ఆ శాతానికి అర్థం ఏమిటి? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. టర్నిటిన్‌లో 40 శాతం అంటే రచనలో 40 శాతం భాగం ఏఐది కావచ్చని దాని అంచనా. మీరు తప్పు చేసి ఉండే అవకాశం 40 శాతం అని కాదు. ఆ సాధనం 300 పదాలకు తక్కువున్న రచనను పరిశీలించదు. పొరపాట్లు ఎక్కువగా వస్తున్నందున 20 శాతం లోపు స్కోరుకు అంకె బదులు నక్షత్రపు గుర్తు చూపుతుంది. కేవలం ఈ స్కోరు ఆధారంగా విద్యార్థిపై చర్య తీసుకోకూడదని టర్నిటినే తన సూచనల్లో చెబుతోంది. ఆ మాటను మీ జవాబులో ప్రస్తావించవచ్చు.

ఆ తర్వాత మీ చిత్తుప్రతులు చూపించండి. ఇదే అంశంపై మౌఖికంగా ప్రశ్నలు అడగమని, లేదా ఎదురుగా కూర్చోబెట్టి ఒక పేరా రాయించమని మీరే కోరండి. పరీక్ష హాల్లో చేత్తో రాసిన పాత జవాబుపత్రం ఉంటే పక్కన పెట్టి పోల్చమనండి. అందులోనూ అవే సరళమైన పదాలు, అవే పదబంధాలు కనిపిస్తే, డిటెక్టర్ యంత్రానిదనుకున్న ఆ శైలి మీదేనని తెలుస్తుంది.