తడబాటు లేని మెయిల్, తగ్గని మర్యాద

ఆఫీసు మెయిళ్లలో ‘జస్ట్’, ‘మేబీ’, ‘ఐ థింక్’ వంటి మాటలు తరచుగా మొహమాటం వల్ల చేరతాయి. నేరుగా అడిగితే అవతలివారు ఏమనుకుంటారోనన్న జంకుతో రాసేవారు వాటిని జోడిస్తారు. చదివేవారికి మాత్రం ఏం కావాలో, ఎప్పటికి కావాలో స్పష్టంగా తెలియదు.

సరుకు పంపిన వ్యాపారి ఇన్వాయిస్‌లో కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరు తప్పు పడిందనుకుందాం. అకౌంట్స్ ఉద్యోగి ఇలా రాస్తాడు: ‘ఐ థింక్ ద జీఎస్‌టీ నంబర్ ఈజ్ రాంగ్. ఐ జస్ట్ వాంటెడ్ టు చెక్ ఇఫ్ మేబీ యు కుడ్ కరెక్ట్ ఇట్.’ నంబరు తప్పని అతడు సరిచూసుకున్నాడు కాబట్టి ‘ఐ థింక్’కు పని లేదు. ‘జస్ట్’, ‘మేబీ’ తీసేసినా అర్థం మారదు. ఒక మాట అవసరమా కాదా అన్నది ఇలా తీసి చదివితేనే తేలుతుంది. ‘ఐ హావ్ జస్ట్ సెంట్ ఇట్’ అన్నప్పుడు అదే ‘జస్ట్’ ఇప్పుడే పంపానని చెబుతుంది. అక్కడ దాన్ని ఉంచాలి.

అయితే ఈ మాటలు కొట్టేసి ఊరుకుంటే మెయిల్ గద్దింపులా మారవచ్చు. ‘యు హావ్ గివెన్ ద రాంగ్ నంబర్. సెండ్ ఎ కరెక్టెడ్ ఇన్వాయిస్ ఇమీడియట్లీ’ అన్నదాంట్లో తడబాటు లేదు కానీ నింద ఉంది. పొరపాటును మనిషికి అంటగట్టడం, కారణం చెప్పకుండా తొందరపెట్టడం ఇక్కడ నొప్పించే అంశాలు. అందుకే మనిషికి బదులు ఇన్వాయిస్ గురించి చెప్పాలి. ‘ప్లీజ్’, గడువు, కారణం చేర్చాలి.

నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి జీఎస్‌టీఆర్-1ను మరుసటి నెల 11లోగా దాఖలు చేయాలి. అందులో కొన్నవారి నంబరు తప్పుగా ఉంటే, ఆ పన్ను క్రెడిట్ వారి జీఎస్‌టీఆర్-2బీలో కనిపించదు. కాబట్టి మెయిల్ ఇలా ఉండవచ్చు: ‘ద జీఎస్‌టీ నంబర్ ఆన్ దిస్ ఇన్వాయిస్ ఈజ్ రాంగ్. ప్లీజ్ సెండ్ ఎ కరెక్టెడ్ కాపీ బై ద నైన్త్, సో దట్ యువర్ రిటర్న్ ఆన్ ద ఎలెవెన్త్ క్యారీస్ ద రైట్ నంబర్.’ సరైన నంబరును కింద విడిగా ఇస్తే వ్యాపారి వెతుక్కోనక్కర్లేదు.

నిజంగా సందేహం ఉంటే దాన్ని దాచకూడదు. ‘మేబీ పేమెంట్ విల్ గో ఔట్ ఆన్ ఫ్రైడే’ అనే బదులు, సందేహం ఎక్కడుందో చెప్పాలి: ‘ద పేమెంట్ ఈజ్ వెయిటింగ్ ఫర్ అప్రూవల్. ఐ విల్ కన్ఫర్మ్ ద డేట్ ఆన్ థర్స్‌డే.’ ఎదుటివారికి ఏది తెలిసిందో, మిగతాది ఎప్పుడు తెలుస్తుందో అర్థమవుతుంది. సహోద్యోగి పని మీద అభిప్రాయం చెప్పేటప్పుడూ ‘ఐ థింక్’ ఉండవచ్చు. అక్కడది ఇది తన అభిప్రాయమేనని, తుది తీర్పు కాదని తెలుపుతుంది.

ఇలాంటి మాటల కింద గీత గీసి చూపే ‘జస్ట్ నాట్ సారీ’ అనే బ్రౌజర్ ఉపకరణం 2015లో జీమెయిల్ వాడేవారికోసం వచ్చింది. మాట ఎక్కడుందో అది చూపగలదు కానీ, ఉంచాలో తీయాలో రాసేవారే తేల్చుకోవాలి.