లేజీ ఐ: ముందు కళ్ళద్దాలు, ఆ తర్వాత ప్యాచ్

మన తరగతికి ఎప్పుడో ఒకప్పుడు కంటికి ప్యాచ్ వేసుకున్న పిల్లో పిల్లాడో వస్తారు. ఆ ప్యాచ్ ఎందుకు, అది ఉన్నా కళ్ళద్దాలు ఎందుకు పెట్టుకోవాలి అన్నది తల్లిదండ్రులకూ, టీచర్లకూ తెలిసి ఉంటే మంచిది.

లేజీ ఐని డాక్టర్లు అంబ్లియోపియా అంటారు. పేరులో కన్ను ఉన్నా, అసలు సమస్య మెదడు ఆ కంటిని వాడుకోవడం నేర్చుకోకపోవడం. మెల్లకన్ను వల్ల కూడా ఇది వస్తుంది. అయితే బయటికి అస్సలు కనిపించని రకం ఒకటుంది: రెండు కళ్ళ పవర్ మధ్య బాగా తేడా ఉండడం. ఇక్కడ దాని గురించే చెప్పుకుందాం.

ఉదాహరణకి ఐదేళ్ళ పాపని తీసుకోండి. కుడి కంటికి ప్లస్ 1, ఎడమ కంటికి ప్లస్ 4.5 పవర్ ఉంది. రెండు కళ్ళూ ఫోకస్ కోసం ఒకే మోతాదులో శ్రమపడతాయి. కుడి కంటికి సరిపోయేంత శ్రమ ఎడమ కంటికి చాలదు కాబట్టి, ఎడమ కంటి బొమ్మ ఎప్పుడూ మసకగానే ఉంటుంది. మెదడు స్పష్టమైన బొమ్మనే తీసుకుని మసక బొమ్మని పక్కన పెట్టేస్తుంది. పాపకి మాత్రం ఏ ఇబ్బందీ తెలియదు. కుడి కన్నుతో అన్నీ కనిపిస్తున్నాయి, కాబట్టి ఫిర్యాదు చేయదు. కుడి కన్ను మూస్తే చెయ్యి తోసేయడం ఒక గుర్తు. మూడు నుంచి ఐదేళ్ళ లోపు ఒక్కసారైనా చూపు పరీక్ష చేయించమనేది అందుకే.

పరీక్షలో ఎడమ కంటి చూపు 20/100 వచ్చిందనుకుందాం. అంటే మంచి కన్ను 100 అడుగుల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 20 అడుగుల దగ్గరకి వస్తేగానీ చదవలేదు. డాక్టర్ మొదట కళ్ళద్దాలు మాత్రమే రాసి, మెలకువగా ఉన్నంతసేపూ పెట్టమన్నారు. అద్దాలు పెట్టిన రోజే ఎడమ కంట్లో బొమ్మ స్పష్టంగా పడుతుంది, కానీ మెదడు దాన్ని చదవడం నేర్చుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. కొందరు పిల్లలకి అద్దాలతోనే చూపు పూర్తిగా వచ్చేస్తుంది, ప్యాచ్ అవసరమే పడదు. మన పాపకి నాలుగు నెలల్లో 20/60 దాకా వచ్చి అక్కడ ఆగింది. అప్పుడు ప్యాచ్ మొదలవుతుంది.

ప్యాచ్ వేసేది మంచి కంటికి. అలా అయితేనే మెదడు గత్యంతరం లేక ఎడమ కంటిని వాడుతుంది. పాప ఇప్పుడు ఎడమ కంటితోనే చూడాలి కాబట్టి, దాని ముందు అద్దం లేకపోతే మళ్ళీ మసక బొమ్మే అందుతుంది, ప్యాచ్ వేసిన సమయం వృథా అవుతుంది. ప్యాచ్ చర్మానికి అంటించి, దాని పైన కళ్ళద్దాలు పెట్టాలి. అద్దానికి గుడ్డ తొడిగితే పిల్లలు పక్కనుంచి తొంగిచూస్తారు.

ఈ స్థాయిలో ఉన్న పిల్లలకి రోజుకి రెండు గంటలు చాలు. ఆరు గంటలు వేసినవాళ్ళతో పోల్చిన అమెరికా అధ్యయనంలో నాలుగు నెలలకి ఫలితం సమానంగానే ఉంది. చూపు మరీ తక్కువగా ఉంటే డాక్టర్ ఎక్కువ గంటలు చెప్పవచ్చు. మనంతట మనం గంటలు పెంచకూడదు, ఎందుకంటే అతిగా మూస్తే మంచి కంటి చూపు కూడా తగ్గవచ్చు. ప్యాచ్ అస్సలు ఉంచుకోని పిల్లలకి మంచి కంటిని మసకబరిచే అట్రోపిన్ చుక్కలు ఇంకో దారి.

ఇక వయసు సంగతి. చూపుకి సంబంధించిన మెదడు మార్గాలు చిన్నప్పుడే చురుగ్గా మారతాయి కాబట్టి ఏడేళ్ళ లోపు చికిత్స బాగా పనిచేస్తుంది. అలాగని ఏడు దాటితే తలుపు మూసుకుపోదు. 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో అద్దాలతో పాటు ప్యాచ్, చుక్కలు వాడినవారిలో 53 శాతం మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగైంది. అద్దాలు మాత్రమే వాడినవారిలో అది 25 శాతం. పదమూడు దాటాక ఆ తేడా దాదాపు కనిపించలేదు, అయితే అంతకుముందు ఏ చికిత్సా పొందనివారికి కొంత లాభం ఉంది.

చూపు వచ్చాక ప్యాచ్‌ని డాక్టర్ చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గిస్తారు. ఆపిన మొదటి ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి చూపు మళ్ళీ తగ్గుతుంది, అందుకే చెకప్‌లు మానకూడదు. కళ్ళద్దాలు ఎలాగూ కొనసాగుతాయి, ప్యాచ్ వల్ల పవర్ పోదు. వేసవికి ఇండియా వెళ్ళినప్పుడు "ఇంత చిన్నపిల్లకి అద్దాలేంటి" అని పెద్దవాళ్ళు తీసేయిస్తే, ఆ రెండు నెలలూ చికిత్స ఆగిపోయినట్టే.

తరగతిలో టీచర్లు గమనించాల్సింది ఒకటుంది. బలహీనమైన కంటికి విడి అక్షరం కంటే వరుసలో ఇరుక్కున్న అక్షరాలు కష్టం. ఫ్లాష్‌కార్డు మీద ప, ష, ఫ గుర్తుపట్టిన పాప ప్యాచ్‌తో వాచకం చదివేటప్పుడు తడబడితే, అక్షరాలు రావని అనుకోకండి. పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదిలి, వత్తులు స్పష్టంగా రాసిచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. చదవడం కోసం "ఒక్క నిమిషం ప్యాచ్ తీసెయ్యమ్మా" అని మాత్రం అనకండి. ఆ కష్టపడి చదవడమే చికిత్స. తల్లిదండ్రులు తరగతి సమయాన్ని ప్యాచ్ గంటల్లో కలుపుకుంటున్నారో లేదో టీచర్‌కి ముందే చెప్పండి.