మూడు పనిదినాల లెక్క

ఖాతాలోంచి డబ్బు పోయినవాళ్లు బ్యాంకుకు వెళ్తే చాలాచోట్ల వినిపించే మొదటి మాట ఒకటే: "మీరే లింకు నొక్కారు కదండీ, మేమేం చేస్తాం?" సగం మంది అక్కడితో వెనక్కి వచ్చేస్తారు. ఆ నష్టాన్ని ఎవరు భరించాలో చెప్పే నిబంధనలను రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వాణిజ్య బ్యాంకులకు పంపింది. ఆ ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకు, 2019 జనవరిలో బ్యాంకులు కాని వాలెట్ కంపెనీలకు కూడా ఇలాంటివే వచ్చాయి. లింకు నొక్కినంత మాత్రాన నష్టమంతా ఖాతాదారుదేనని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు.

నిబంధన ముందుగా అడిగే ప్రశ్న, తప్పు ఎక్కడ జరిగిందని. బ్యాంకు లోపం వల్లో, బ్యాంకు సిబ్బంది చేతివాటం వల్లో డబ్బు పోతే ఖాతాదారు భరించాల్సింది సున్నా. ఎప్పుడు ఫిర్యాదు చేశారన్నది కూడా ఇక్కడ చూడరు. ఖాతాదారే అజాగ్రత్తగా పాస్‌వర్డు, ఓటీపీ లాంటివి చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు పోయినదంతా ఆయనదే. తెలియజేశాక పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుది. మూడోది, ఇద్దరి తప్పూ లేకుండా మధ్యలో మరెక్కడో, అంటే ఏదో దుకాణం వెబ్‌సైటులోనో మరో సంస్థ దగ్గరో, వివరాలు లీకవడం. గడువుల లెక్కంతా ఈ మూడో రకానికే. బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఒక్కో లావాదేవీకి ఒక పరిమితి వరకు ఖాతాదారు భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ఎలా ఉంటే అలా.

ఆ పరిమితి ఖాతాను బట్టి మారుతుంది. జన్‌ధన్ లాంటి ప్రాథమిక పొదుపు ఖాతాకు 5,000 రూపాయలు. మామూలు సేవింగ్స్ ఖాతాకు, 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు 10,000. పెద్ద కరెంటు ఖాతాలకు, 5 లక్షలు దాటిన కార్డులకు 25,000. పోయిన మొత్తం ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువ మొత్తమే లెక్క.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఖమ్మంలో ఒక టీచరుగారు, మామూలు సేవింగ్స్ ఖాతా. గురువారం రాత్రి 9.10కి 25,000, 9.12కి మరో 25,000, 9.20కి 40,000 కట్ అయినట్టు మూడు మెసేజీలు వచ్చాయి. మొత్తం 90,000. ఆమె వెంటనే బ్యాంకు హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి 9.35కి ఫిర్యాదు నంబరు తీసుకున్నారు. అయినా 9.50కి ఇంకో 15,000 పోయింది. ఆ 15,000 బ్యాంకు మీద పడుతుంది, అందులో వాదనకు తావు లేదు. మిగిలిన 90,000 సంగతి కారణాన్ని బట్టి ఉంటుంది. ఎక్కడో డేటా లీకైతే ఆమె నష్టం సున్నా. ఆమే ఓటీపీ చెప్పినట్టు బ్యాంకు రుజువు చేస్తే 90,000 ఆమెదే.

ఇప్పుడు డేటా లీకైన కేసులోనే ఆమె ఆ రాత్రి మెసేజీలు చూసుకోలేదనుకుందాం. లెక్క గురువారం నుంచి మొదలవదు. సమాచారం అందిన రోజును వదిలేయాలి. శుక్రవారం ఒకటి. శనివారం ఆ నెలలో రెండో శనివారం కాబట్టి బ్యాంకు సెలవు, ఆదివారం ఎలాగూ సెలవే. సోమవారం రెండు, మంగళవారం మూడు. హోమ్ బ్రాంచి ఏ రోజు తెరిచి ఉంటుందన్నదే కొలత, కనుక స్థానిక పండుగ సెలవు కూడా కలిసివస్తుంది. మంగళవారం చెప్పినా సున్నా నష్టం కిందికే వస్తారు. తర్వాతి గురువారం, అంటే ఐదో పనిదినాన చెబితే మొదటి మూడు లావాదేవీలకే తలా 10,000 చొప్పున 30,000 పోగొట్టుకున్నట్టే. పరిమితి ఖాతాకు ఒకసారి కాదు, లావాదేవీకి ఒకసారి. దొంగలు డబ్బును చిన్న చిన్న ముక్కలుగా లాగినప్పుడు ఈ తేడా బాగా తగులుతుంది. ఇక్కడైతే నాలుగో లావాదేవీ కూడా అప్పటికి ఎవరికీ చెప్పనిదే కాబట్టి ఆమె వాటా 40,000కి చేరుతుంది.

మూడు పనిదినాలు ఉన్నాయి కదా అని నిదానించకూడదు. ఆ గడువు నష్టం ఎవరిదో తేల్చడానికి మాత్రమే. పోయిన డబ్బును మధ్యలోనే పట్టుకోవడానికి ఉన్న వ్యవధి రోజుల్లో ఉండదు, నిమిషాల్లోనో గంటల్లోనో ఉంటుంది. దొంగ ఆ 25,000ను తన ఖాతాలో ఉంచుకోడు. కమీషన్‌కు ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలోకి పంపి, అక్కణ్నుంచి ఇంకో నాలుగైదు ఖాతాల్లోకి చీల్చి, చివరికి ఏటీఎంలోనో మరోచోటో తీసేసుకుంటాడు. కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలోని 1930 హెల్ప్‌లైను ఈ గొలుసును మధ్యలో తెంపడానికే ఉంది. ఫోన్ చేసినప్పుడు మీ ఖాతా నంబరు, కట్ అయిన సమయం, మొత్తం, మెసేజీలో ఉండే లావాదేవీ నంబరు అడుగుతారు. ఆ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు ఆన్‌లైన్లో వెళ్తాయి. అక్కడ ఎంత మిగిలి ఉంటే అంతా హోల్డ్‌లో పెడతారు. మిగిలింది మరో బ్యాంకుకు దాటిపోతే సమాచారం ఆ బ్యాంకుకు సాగుతుంది. పనయ్యేదీ లేనిదీ దాదాపు ఆ లావాదేవీ నంబరు మీదే ఆధారపడి ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని ఫోన్ చేయాలి. cybercrime.gov.in లోనూ ఇదే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. 1930కి ఫోన్ చేశాం, ఠాణాలో కాగితం ఇచ్చాం, పనైపోయిందనుకుంటారు. మూడు పనిదినాల లెక్క బ్యాంకుకు తెలియజేయడం గురించి. పోలీసులకు చెబితే బ్యాంకుకు చెప్పినట్టు కాదు. బ్యాంకుకు మాత్రమే చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆగడం ఆలస్యమవుతుంది. రెండూ చేయాలి, ఒకదాని వెనక ఒకటి వెంటనే. బ్యాంకుకు ఫోన్ చేసినా సరే, ఒక ఈమెయిల్ కూడా పంపి ఉంచితే మంచిది. ఫిర్యాదు నంబరుతో రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత. ఆ నంబరు లేకపోతే 9.35కి మీరు ఫోన్ చేశారనడానికి ఆధారమేదీ ఉండదు.

అలా తెలియజేశాక, అనధికారంగా పోయిన మొత్తాన్ని పది పనిదినాల్లో ఖాతాలో వేయాలని నిబంధన. బీమా సొమ్ము వచ్చేదాకా ఆగమనకూడదు. లావాదేవీ జరిగిన తేదీ నుంచే జమ అయినట్టు లెక్కించాలి. ఇది తాత్కాలిక జమ, విచారణలో తప్పు ఖాతాదారుదని తేలితే వెనక్కి తీసుకుంటారు. విచారణను 90 రోజుల్లో ముగించాలి. ముగించలేకపోయినా, ఎవరిది తప్పో తేల్చలేకపోయినా, నిబంధన ప్రకారం రావాల్సింది చెల్లించాల్సిందే. కౌంటరు దగ్గర ఈ పది పనిదినాల మాట తమంతట తాము ఎత్తే బ్యాంకులు అరుదు. అడిగితేనే కదులుతుంది.

అసలు గొడవంతా 'అజాగ్రత్త' అన్న మాట చుట్టూ తిరుగుతుంది. ఖాతాదారుదే తప్పని నిరూపించే భారం బ్యాంకుదేనని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అస్సాంలో ఒక ఖాతాదారు 2021 అక్టోబరులో ఒక బట్టల కంపెనీ వెబ్‌సైటులో కొన్నది వాపసు ఇవ్వబోయారు. కస్టమర్ కేర్ నుంచి అంటూ ఒకరు ఫోన్ చేసి ఒక యాప్ దించుకోమన్నారు. దించుకోగానే 94,204 రూపాయల 80 పైసలు పోయాయి. ఆయన 24 గంటల్లోపే స్టేట్ బ్యాంకుకు చెప్పారు. ఓటీపీ, ఎంపిన్ ఆయనే ఇచ్చి ఉంటారు, కాబట్టి ఇవి ఆయన ఒప్పుకున్న లావాదేవీలేనని బ్యాంకు వాదించింది. ఆ దుకాణం వెబ్‌సైటు డేటా లీకైన విషయమూ విచారణలోకి వచ్చింది. ఖాతాదారు అజాగ్రత్త కనబడలేదంటూ గువాహటి హైకోర్టు డబ్బు తిరిగి చెల్లించమంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు బ్యాంకు అప్పీలును కొట్టేసింది. ఇలాంటి లావాదేవీలను పట్టుకునే సాంకేతికత బ్యాంకుల దగ్గరే ఉందని గుర్తుచేసింది. ఖాతాదారులు కూడా ఓటీపీ ఎవరికీ ఇవ్వకూడదని అదే ఉత్తర్వులో హెచ్చరించింది. అస్సాం ఖాతాదారును నిలబెట్టినవి రెండు: వెంటనే చెప్పడం, తన చేత్తో ఓటీపీ ఇచ్చినట్టు రుజువు లేకపోవడం.

మీరే క్యూఆర్ స్కాన్ చేసి, మీరే యూపీఐ పిన్ కొట్టి పంపిన డబ్బు వేరు. మోసపోయినా సరే, లావాదేవీ మాత్రం మీ అనుమతితో జరిగినట్టే బ్యాంకు చూస్తుంది. సున్నా నష్టం నిబంధన అక్కడ సాయపడటం చాలా కష్టం. 1930 ఒక్కటే దారి. డబ్బు పొందడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. 'మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి' అంటూ రిక్వెస్ట్ పంపి దోచుకునే పాత ఎత్తుకు అడ్డుకట్టగా, వ్యక్తుల మధ్య యూపీఐ కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేయించింది. క్యూఆర్ పంపి పిన్ కొట్టించే మోసం మాత్రం ఆగలేదు.

హోల్డ్‌లో పడిన డబ్బు దానంతటది వెనక్కి రాదు. దాన్ని విడుదల చేయించడానికి చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. ఈ ఆలస్యాన్ని తగ్గించేందుకు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతిని వాడుతోంది. హోల్డ్ అయినట్టు తెలిస్తే మీ ఠాణాలో ఈ దారి గురించి అడగండి.

ఇంకో చిన్న సంగతి మీద మొత్తం కేసు ఆధారపడవచ్చు. గడువు మొదలయ్యేది బ్యాంకు మెసేజీ మీకు అందినప్పటి నుంచి. మెసేజీ ఎప్పుడు చేరిందో, మీరు ఎప్పుడు స్పందించారో బ్యాంకు తన రికార్డుల్లో ఉంచాలి. పాత నంబరు వదిలేసి ఖాతాలో మార్చుకోనివారికి వచ్చే మెసేజీలు వేరొకరి ఫోనులో మోగుతుంటాయి. నంబరు మార్చిన రోజే బ్రాంచిలోనూ మార్పించుకోండి.

బ్యాంకు ఫిర్యాదును తోసిపుచ్చినా, ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో రాయవచ్చు. దానికి ఫీజు లేదు. ఫిర్యాదు నంబరు, మెసేజీల స్క్రీన్‌షాట్లు, బ్యాంకుకు పంపిన ఈమెయిల్ జతచేయాలి.