సరుకు బిల్లు పైనుంచి చదవాలి

కొత్తగా కిరాణా కొట్టు పెట్టినవాళ్ల కళ్లు బిల్లులో నేరుగా అడుగున ఉన్న మొత్తం మీదికే పోతాయి. చూడాల్సింది పైనుంచి. అక్కడ బిల్లు నంబరు, తేదీ, అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు ఉంటాయి. కొట్టు నంబరులో ఒక్క అక్షరం తప్పినా కట్టిన పన్ను ఖాతాలో జమకాక తిప్పలు.

అసలు కథ మధ్య గడుల్లో ఉంటుంది. బట్టల పౌడరు పెట్టె 500 చొప్పున పది పెట్టెలు 5,000. తగ్గింపు 200 పోగా 4,800. పన్ను పడాల్సింది దీనిమీదే: కేంద్రానికి 9 శాతం, అంటే 432, రాష్ట్రానికి ఇంకో 432. వెరసి 5,664. తగ్గింపు తీయకుండా పన్ను వేస్తే 36 రూపాయలు అదనంగా పోయినట్టే.

‘ఫ్రీ’ గడిలో 1 అని ఉందా? అయితే ఆటోలోంచి దిగాల్సినవి పదకొండు పెట్టెలు. సంతకం ఆ లెక్క అయ్యాకే. పెట్టేశాక అడిగితే, ‘అప్పుడే దించాం కదండీ’ అంటాడు డెలివరీ కుర్రాడు.