ఏడు స్లైడ్లలో ఒక ఉద్యోగం

చిన్న కంపెనీకి మనిషి కావాల్సి వస్తే ఇవాళ పేపర్లో ప్రకటన ఇవ్వడం తక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో కారౌసెల్ పెడతారు. అంటే ఒకే పోస్టులో వేలితో పక్కకు జరుపుకుంటూ చూసే బొమ్మల వరస. ఒక్కో బొమ్మను స్లైడ్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి ఒక పోస్టులో 20 స్లైడ్ల దాకా పెట్టనిస్తోంది. ఉద్యోగ ప్రకటనకు ఏడు చాలు.

పెద్ద కంపెనీ పేరు చూడగానే నమ్మకం కుదురుతుంది. ఎవరికీ తెలియని చిన్న స్టార్టప్ ప్రకటన చూస్తే మాత్రం అనుమానాలు వరసకడతాయి. ఈ కంపెనీ నిజంగా ఉందా? ఏం పని చేయిస్తారు? జీతం నెలనెలా పడుతుందా? ఈ అనుమానాలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్పేదే మంచి కారౌసెల్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఆరుగురితో నడుస్తున్న స్టార్టప్. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. షాపుల వాళ్లు ఫోన్ చేస్తే సమస్య విని సర్దిచెప్పే ఏడో మనిషి కావాలి.

మొదటి స్లైడ్, రెండో స్లైడ్

చాలా కంపెనీలు మొదటి స్లైడ్ నిండా పెద్ద అక్షరాలతో ‘వుయ్ ఆర్ హైరింగ్’ అని వేసి ఊరుకుంటాయి. ఏ ఉద్యోగమో, ఏ ఊళ్లోనో తెలియదు. చూసినవాళ్లు దాటిపోతారు. మన స్టార్టప్ మొదటి స్లైడ్ మీద ఇవి ఉండాలి: ‘విజయవాడలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. నెలకు 25,000 రూపాయలు. తెలుగు బాగా మాట్లాడాలి.’ కింద కంపెనీ పేరు, దరఖాస్తుకు చివరి తేదీ.

ఆ రెండూ ప్రతి స్లైడ్ మీదా ఉండాలి. ఎందుకంటే మన దగ్గర ఉద్యోగ వార్త వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎవరో ఒక స్లైడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపులో పెడతారు. మిగతా ఆరూ దానితో వెళ్లవు. తేదీ లేకపోతే ఆ బొమ్మ మరుసటి ఏడాది కూడా తిరుగుతూనే ఉంటుంది, ఫోన్లు వస్తూనే ఉంటాయి.

రెండో స్లైడ్‌లో పని గురించి చెప్పాలి. మొదటి స్లైడ్‌ను దాటేసినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి రెండోదాన్ని చూపిస్తుంది కాబట్టి అది విడిగా చదివినా అర్థం కావాలి. ‘కస్టమర్లతో సమన్వయం’ లాంటి మాటలతో ఏమీ తెలియదు. ‘షాపు యజమాని ఫోన్ చేసి, స్టాక్ లెక్క తప్పు చూపిస్తోందంటారు. మీరు ఆయన కంప్యూటర్‌ని ఇక్కడి నుంచే చూస్తూ సరిచేస్తారు. మీ వల్ల కాకపోతే ఇంజినీరుకు వివరంగా రాసి పంపుతారు’ అంటే పని కళ్లకు కడుతుంది. మూడో స్లైడ్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి రెండో మూడో చెప్పి, మిగతావి నేర్పిస్తామని రాయాలి. ‘అమ్మాయిలే కావాలి’ అని రాయడం మన దగ్గర మామూలైపోయింది. నియామకాల్లో ఆడామగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది.

జీతం

నాలుగో స్లైడ్ జీతానిది. ‘ఇండస్ట్రీలో ఉన్నట్టే’ అని రాస్తే దరఖాస్తు చేసేవాళ్లకు ఏమీ తెలియదు. ‘ఏడాదికి 3 లక్షలు’ అన్నా పూర్తిగా తెలియదు. అందులో 36,000 ఏడాది చివర ఇచ్చే బోనస్ అయితే నెలకు వచ్చేది 22,000 మాత్రమే. పాతికవేలు వస్తుందనుకుని ఇంటి అద్దె మాట్లాడుకున్నవాళ్లకు అది చిన్న తేడా కాదు. అందుకే చేతికి ఎంత వస్తుందో రాయాలి. జీతం 25,000 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి పన్ను 200 పోను 24,800 అందుతుంది.

ఇంకో సంగతి. పీఎఫ్ సాధారణంగా 20 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థలకే తప్పనిసరి. ఏడుగురున్న చోట ఇవ్వకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ మాట చేరాక తెలియకూడదు. ‘ప్రస్తుతం పీఎఫ్ లేదు. ఆరోగ్య బీమా ఉంది’ అని నాలుగో స్లైడ్‌లోనే రాస్తే, అక్కర్లేనివాళ్లు అక్కడే తప్పుకుంటారు. అది ఇద్దరికీ మేలే.

ఆఫీసు తీరు

ఐదో స్లైడ్ దగ్గరే చాలామంది తేలిపోతారు. ‘మేమంతా ఒకే కుటుంబం’ అని రాసి, పుట్టినరోజు కేకు కోస్తున్న ఫొటో పెడతారు. ఆ మాట ఏ కంపెనీ అయినా రాసుకోవచ్చు. కుటుంబం అంటున్నారంటే రాత్రి పదింటికి కూడా ఫోన్ చేస్తారేమోనని అనుభవమున్నవాళ్లు సందేహిస్తారు కూడా.

దాని బదులు ఆఫీసులో నిజంగా జరిగేది రాయాలి. ‘పని ఉదయం 10 నుంచి సాయంత్రం 7 వరకు. ఆదివారం సెలవు. మందుల షాపులు ఆదివారమూ తెరుస్తారు కాబట్టి నెలలో ఒక ఆదివారం మీ వంతు వస్తుంది, దానికి బదులు వారంలో ఒక రోజు సెలవు. షాపువాళ్లు కోపంగా మాట్లాడితే ఫోన్ మీ పైవాళ్లకు ఇవ్వొచ్చు.’ ఇందులో ఒక్క పొగడ్త లేదు, అయినా ఆ ఆఫీసు ఎలాంటిదో తెలిసిపోయింది. ఆ వంతు ఆదివారం గురించి దాచకుండా చెప్పారు కాబట్టి మిగతా మాటల మీదా నమ్మకం కలుగుతుంది. ఈ స్లైడ్ యజమాని ఒక్కరే రాయకూడదు. ఉన్న ఆరుగురికీ చూపించి, ఇందులో నిజం కానిదేమైనా ఉందా అని అడగాలి. ఉందంటే ఆ వాక్యం తీసేయాలి.

దరఖాస్తు

ఆరో స్లైడ్‌లో అంచెలన్నీ తేదీలతో సహా ఉండాలి. ఒకటి, రెజ్యూమె మెయిల్‌కు పంపడం. రెండు, వారంలోపు పదిహేను నిమిషాల ఫోన్. మూడు, అరగంట పరీక్ష: కల్పించిన ఒక షాపు యజమాని ఫిర్యాదుకు జవాబు చెప్పడం. నాలుగు, ఆఫీసుకు రావడం. ఎంపికైనా కాకపోయినా ఫలానా తేదీకల్లా మెయిల్ చేస్తామన్న మాట. పరీక్ష పేరుతో కంపెనీ పనులు ఉచితంగా చేయించుకోకూడదు. రోజు పట్టే పని ఇస్తే దానికి డబ్బివ్వాలి.

ఏడో స్లైడ్‌లో మెయిల్ చిరునామా, చివరి తేదీ. దాంతోపాటు ‘ఏ దశలోనూ డబ్బు అడగం’ అన్న వాక్యం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ డబ్బు గుంజే నకిలీ ఉద్యోగాల బెడద అంతుంది మరి. మెయిల్ కంపెనీ సొంత డొమైన్‌ది అయితే సరిచూసుకోవడం తేలిక. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసే లింక్ నొక్కినా తెరుచుకోదు, అందుకే దాన్ని ప్రొఫైల్‌లో పెట్టాలి. బొమ్మ మీది చిరునామాను కాపీ చేయడం కష్టం కాబట్టి పోస్టు కింద కూడా రాయాలి. లింక్డ్‌ఇన్‌లో అయితే ఇవే స్లైడ్లను పీడీఎఫ్‌గా పెడితే చాలు.

తెలుగులో చేసేవాళ్లు ఒకటి గమనించాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకి అక్షరాలు అలుక్కుపోతాయి. 1080కి 1350 పిక్సెళ్ల బొమ్మ కంప్యూటర్లో బాగానే కనిపిస్తుంది. పోస్టు చేసేముందు మామూలు ఫోన్లో చదివి చూడాలి. కళ్లు చికిలించాల్సి వస్తే స్లైడ్‌లో మాటలు ఎక్కువైనట్టే.

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు కూడా ఇలాంటి ప్రకటన కనిపించగానే నాలుగు సంగతులు చూసుకోండి: చేతికి వచ్చే జీతం, పనివేళలు, ఎంపిక అంచెలు, జవాబు చెప్పే తేదీ. ఏది లేకపోయినా రెజ్యూమె పంపేముందే మెయిల్ రాసి అడగండి. అడిగినందుకు విసుక్కునే కంపెనీ అయితే అక్కడ చేరకపోవడమే మంచిది.